రిస్కుల పేజీ తిరగరాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కారం మిల్లు కోసం నువ్వు రాసిన ప్రాజెక్ట్ రిపోర్టు మొత్తం చదివాను. మెషినరీ కొటేషన్లు, ఖర్చుల లెక్కలు బాగున్నాయి. రిస్కుల భాగం మాత్రం తిరగరాయాలి. అందులో పద్నాలుగు రిస్కులు పెట్టావు, చివరికి భూకంపం కూడా ఉంది. కానీ నీ సరుకులో సగం విజయవాడ వన్‌టౌన్‌లో ఒకే ఒక్క హోల్‌సేల్ వ్యాపారి కొంటాడన్న మాట అక్కడ లేదు. అది అమ్మకాల పేజీలో ఉంది. లోన్ ఆఫీసర్ ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకునే చదువుతాడు. బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నన్నాళ్లూ నేను చేసిన పని అదే.

ముందుగా ఆ మార్కుల పట్టిక తీసెయ్. సంభావ్యతకు 5లో ఇన్ని, ప్రభావానికి 5లో ఇన్ని వేసి గుణించావు. దాని ప్రకారం గోడౌన్‌లో అగ్నిప్రమాదానికి 1×5, ప్యాకెట్ల సీలు సరిగా పడకపోవడానికి 5×1. రెండూ 5 మార్కులతో ఒకే వరసలో కూర్చున్నాయి. ఒకటి మిల్లునే మూసేస్తుంది, రెండోది సాయంత్రానికల్లా సరిచేసుకునే పని. ఈ మార్కులు చూసి ఏ ఆఫీసరూ నిర్ణయం తీసుకోడు. అతనికి కావలసింది ఒకటే: ఇది జరిగితే ఎన్ని లక్షలు పోతాయి, ఆ ఏడాది వాయిదా కట్టగలవా లేదా. కాబట్టి ప్రతి రిస్కునూ రూపాయల్లో రాయి. రూపాయల్లో రాయలేనిదాన్ని వదిలెయ్. నీ మిల్లుకు నిజంగా లెక్కలోకి వచ్చేవి నాలుగే: ధర పడిపోవడం, కాయ నాణ్యత, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం, సరుకుకు నీళ్లు లేదా నిప్పు.

వీటిలో పెద్దది ధర. నువ్వు రాసింది ఇది: "మిర్చి ధరల్లో హెచ్చుతగ్గులు ఉండవచ్చు. సంభావ్యత మధ్యస్థం. ప్రభావం అధికం. ధరలను నిరంతరం గమనిస్తూ తగిన చర్యలు తీసుకుంటాం." ఇందులో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. నీ లెక్కలతోనే దీన్ని పూర్తి చేద్దాం.

ఏడాదికి 60 టన్నుల కాయ ఆడిస్తానన్నావు. అందులో 40 టన్నులు ఫిబ్రవరి నుంచి మే లోపు యార్డులో కొని కోల్డ్ స్టోరేజీలో పెడతానన్నావు. కిలో 150 చొప్పున అది 60 లక్షల సరుకు. ఖర్చులన్నీ పోగా ఏడాదికి 18 లక్షలు మిగులుతుందని, అసలూ వడ్డీ కలిపి వాయిదాలు 10 లక్షలని చూపించావు. అంటే మిగులు వాయిదాకు ఎన్ని రెట్లో చెప్పే డీఎస్‌సీఆర్ 1.8. చూడటానికి హాయిగా ఉంది. ఇప్పుడు ధర 30 శాతం పడిందనుకో. 60 లక్షల సరుకు 42 లక్షలకు దిగుతుంది. పోయిన 18 లక్షలు సరిగ్గా నీ ఏడాది మిగులు. ప్యాకెట్ ధర కాయ ధరతో పాటు వెంటనే పడిపోదు కాబట్టి నిజంగా తగిలే దెబ్బ కొంత తక్కువే ఉండొచ్చు. అయినా రిపోర్టులో పూర్తి దెబ్బే రాయి, ఆఫీసర్ వేసుకునే లెక్క అదే.

ఇంతకంటే ముందు వచ్చే దెబ్బ ఇంకొకటుంది, అది నీ రిపోర్టులో ఎక్కడా లేదు. సరుకు మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్, అంటే సీసీ లిమిట్, నీకు మంజూరైనంతా వాడుకోనివ్వరు. ప్రతి నెలా నువ్వు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టి ఆ నెల ఎంత వాడుకోవచ్చో, అంటే డ్రాయింగ్ పవర్, లెక్క కడతారు. సరుకు విలువలో నువ్వు సొంతంగా పెట్టాల్సిన వాటా, అంటే మార్జిన్, 25 శాతం అయితే 60 లక్షల సరుకు మీద 45 లక్షలు వాడుకోవచ్చు. సరుకు విలువ 42 లక్షలకు దిగిన నెల అది 31.5 లక్షలవుతుంది. తేడా 13.5 లక్షలు అప్పటికప్పుడు నువ్వు ఖాతాలో కట్టాలి. అప్పటికి ఒక్క కిలో కూడా నష్టానికి అమ్మి ఉండవు, అయినా డబ్బు కట్టాలి. మిల్లులు చిక్కుల్లో పడేది ఎక్కువగా ఇక్కడే. రిస్కు ప్రభావం అని రాసేటప్పుడు ఎంత నష్టం అన్నది ఒక్కటే చాలదు, ఏ నెలలో చేతి డబ్బు కావాలి అన్నది కూడా రాయాలి.

ఇక సంభావ్యత. మధ్యస్థం అన్న మాట కొట్టేసి లెక్క పెట్టు. 2017లో ధర కుప్పకూలి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే జరిగింది, క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. నీ లోన్ 7 ఏళ్లు. ఈ రెంటి మధ్య దూరం 8 ఏళ్లు. కాబట్టి "లోన్ కాలంలో ఇది ఒకసారి వస్తుందని అనుకునే లెక్క వేశాం" అని ధైర్యంగా రాయి. agmarknet.gov.in లో గుంటూరు యార్డు ధరలు పదేళ్లవి దించుకుని, మార్చిలో కొన్న తేజ రకం మిర్చి ధర సెప్టెంబర్‌కి 25 శాతానికి మించి ఎన్నేళ్లలో పడిందో చూడు. ఆ పట్టిక అనుబంధంగా పెట్టు. చూసి లెక్కపెట్టిన అంకె పక్కన "అధికం", "స్వల్పం" అన్న మాటలతో పనే ఉండదు.

తగ్గించే చర్య దగ్గర నీ రిపోర్టు "గమనిస్తాం" అని ఆగిపోయింది. గమనించడం చర్య కాదు. నా సలహా ఇది. సీజన్‌లో 15 టన్నులే నిల్వకు కొను, మిగతా 25 టన్నులు వ్యాపారులు కోల్డ్ స్టోరేజీలో పెట్టి అమ్మే ఏసీ సరుకు నెలనెలా కొనుక్కో. నువ్వే నిల్వ పెట్టినా అద్దె, వడ్డీ నీ మీదే పడేవి. అదనంగా పోయేది వ్యాపారి లాభం. కిలోకి 4 రూపాయలు అనుకుంటే 25 టన్నులకు ఏడాదికి లక్ష. ఇప్పుడు ధర 30 శాతం పడితే నిల్వ మీద పోయేది 6.75 లక్షలు. 18 లోంచి అదీ, ఈ లక్షా తీసేస్తే 10.25 లక్షలు మిగులుతుంది. వాయిదా 10 లక్షలు. నీ చేతికి దాదాపు ఏమీ రాదు, కానీ వాయిదా ఆగదు. డ్రాయింగ్ పవర్ తేడా కూడా 13.5 లక్షల నుంచి 5 లక్షలకు తగ్గుతుంది. మీ నాన్న పేరు మీద ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ అందుకు సరిపోతుందని రాతపూర్వకంగా చూపించు.

దీనికి ఇంకో వైపు ఉంది, అదీ దాచొద్దు. ధర 30 శాతం పెరిగితే? నిల్వ తక్కువ కాబట్టి ఖరీదైన కాయ కొనాల్సి వస్తుంది. పొడి ధర పెంచడానికి నీకు ఒక రెండు నెలలు పడుతుందనుకుంటే, నెలకు 3 టన్నుల చొప్పున 6 టన్నుల మీద కిలోకి 45 రూపాయలు, అంటే 2.7 లక్షలు భరించాలి. ఇలా రాస్తే ఎదుటివాడికి అర్థమవుతుంది, నువ్వు 18 లక్షల ప్రమాదాన్ని 6.75 లక్షలకు తగ్గించి, బదులుగా 2.7 లక్షల ప్రమాదాన్ని తెలిసే ఎంచుకున్నావని. చర్య తీసుకున్నాక కూడా మిగిలే రిస్కు ఎంతో చెప్పని రిపోర్టును నేను ఎప్పుడూ నమ్మలేదు. అన్నిటికీ పరిష్కారం ఉందని రాసినవాళ్లు సరిగా ఆలోచించలేదనే అనిపించేది.

నాణ్యత సంగతి. ఎగుమతిదారుకు కొంత అమ్ముతానన్నావు. కాయలో తేమ 11 శాతం మించకూడదన్నది మన దేశపు ప్రమాణమే, యూరప్‌కు వెళ్లే సరుకైతే బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ బి1 అనే విషం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు. కల్లంలో కాయ ఆరుతుండగా అకాల వాన పడిన ఏడాది ఈ రిస్కు పెరుగుతుంది. కాబట్టి సంభావ్యతను అన్ని ఏళ్లకూ ఒకటేగా కాకుండా "కోత తర్వాత వాన పడిన ఏడాది ఎక్కువ, పడని ఏడాది తక్కువ" అని రాస్తే అది పనికొచ్చే మాట. చర్య: తేమ మీటర్‌తో ప్రతి లాట్ చూసి 11 దాటితే వెనక్కి పంపడం, లాట్లు కలపకుండా నంబర్లు వేయడం, ఎగుమతి లాట్‌ను ఆడించే ముందే పరీక్ష చేయించడం. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. కానీ ఈ బూజు విషం బస్తాలన్నిటిలో సమానంగా ఉండదు, ఒక మూల కొన్ని కాయల్లోనే ఉండొచ్చు. ఒక్క బస్తాలోంచి తీసిన నమూనా బాగుందంటే లాట్ బాగున్నట్టు కాదు. చాలా బస్తాల్లోంచి కొంచెం కొంచెం తీసి కలపాలి. అయినా కొంత జారిపోవచ్చు. అందుకే ఒక లాట్ తిరస్కరణ అయితే ఎంత నష్టమో రాయి: 2 టన్నుల లాట్, విలువ 3 లక్షలు. లాట్ చిన్నదిగా ఉంచడమే ఇక్కడ నీ రక్షణ.

ఆ వన్‌టౌన్ వ్యాపారి గురించి రెండు వాక్యాలు చాలు: సగం అమ్మకం అతనిదే, 45 రోజుల అప్పు. ఆ అప్పు ఏ రోజునా ఇంత మొత్తం దాటదని ఒక గరిష్ఠ అంకె వేసి, అది దాటితే సరుకు ఆపేస్తానని రాయి. మొహమాటం ఉంటుందని తెలుసు, అందుకే రిపోర్టులోనే రాసిపెట్టమంటున్నాను. రాసి ఉంటే నీకూ అతనికి చెప్పడం సులువు.

నీళ్లు, నిప్పు విషయంలో ఎక్కువ రాయక్కర్లేదు. విజయవాడ గోడౌన్ సింగ్‌నగర్ వైపు చూస్తున్నావు కదా, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు ఆ గోడౌన్‌లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చుట్టుపక్కల వాళ్లను అడిగి, ఆ అంకె రాయి. దాని కంటే ఎత్తులో సరుకు పెట్టే వీలు లేకపోతే ఆ గోడౌన్ వద్దు. బీమా పాలసీలో మిల్లు అడ్రసుతో పాటు కోల్డ్ స్టోరేజీ, గోడౌన్ అడ్రసులు కూడా ఉండాలి. మొత్తం సరుకు ఎక్కువగా ఉండే మే నెల విలువకు పాలసీ తీసుకో. సరుకులో మూడింట రెండు వంతులకే తీసుకుంటే, కాలిపోయిన దానికి వచ్చే డబ్బు కూడా అలాగే తగ్గించి ఇస్తారు. నువ్వు రాసిన "తగిన బీమా తీసుకుంటాం" అన్న వాక్యంలో ఇవేవీ లేవు.

భూకంపం, ప్రభుత్వ విధానాల్లో మార్పులు, సాంకేతిక వైఫల్యం లాంటివన్నీ తీసెయ్. అవి ఉంటే నీకు భయం ఎక్కువని కాదు, ఏది ముఖ్యమో తేల్చుకోలేదని అనుకుంటారు. ప్రతి రిస్కు కింద చివరి వాక్యంగా, ఏ అంకె కనపడగానే ఏ పని మొదలుపెడతావో రాయి. ఉదాహరణకు: "తేజ ధర మా సగటు కొనుగోలు ధర కంటే 15 శాతం తగ్గిన వారంలోనే కొత్త నిల్వ కొనడం ఆపుతాం, బ్యాంకుకు తెలియజేస్తాం." పడిపోయాక చెప్పడం వేరు, పడుతుండగా చెప్పడం వేరు. రెండో రకం ఖాతాదారుకు బ్యాంకు వ్యవధి ఇస్తుంది.

యార్డు ధరల పట్టిక తయారు చేశాక ముందు నాకు పంపు. 30 శాతం అన్నది నేను వేసుకున్న అంకె. పదేళ్ల ధరల్లో అంతకంటే పెద్ద పతనం కనిపిస్తే 15 టన్నులు కూడా ఎక్కువే అవుతాయి, అప్పుడు లెక్క మళ్లీ వేద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న
గుంటూరు