ఆఫీసులో మదుపు గురించి పదిహేను నిమిషాల ప్రసంగం: బోర్డు మీద ఏం రాయాలి, ఏం రాయకూడదు

ప్రశ్న: మా టీమ్‌లో పాతిక మందిమి ఉంటాం. వచ్చే శుక్రవారం లంచ్ అయ్యాక పదిహేను నిమిషాలు ఇన్వెస్ట్‌మెంట్ గురించి మాట్లాడమని మా మేనేజర్ గారు నాకు అప్పజెప్పారు. సగం మంది "ఉన్నది కాస్తా పోతుందేమో" అంటారు, మిగతా సగం "మాకు ఓనమాలు కూడా రావు" అంటారు. ఏం చెబితే కదులుతారండీ?

జవాబు:

పీఎఫ్‌తో మొదలుపెట్టండి. "మీలో షేర్ మార్కెట్‌లో డబ్బున్నవాళ్లు చేతులెత్తండి" అని అడిగితే నలుగురో ఐదుగురో ఎత్తుతారు. అప్పుడు చెప్పండి: ఈపీఎఫ్‌వో 2015 ఆగస్టు నుంచి మన జమల్లో కొంత భాగాన్ని నిఫ్టీ, సెన్సెక్స్ సూచీలను అనుసరించే ఈటీఎఫ్‌లు అనే ఫండ్లలో పెడుతోంది. మొదట్లో కొత్త జమల్లో 5 శాతం, తర్వాత 15 శాతం దాకా. అంటే పీఎఫ్ కోత పడే ప్రతి ఒక్కరి డబ్బూ కాస్తో కూస్తో మార్కెట్‌లోకి వెళ్తున్నట్టే. ఆ ఎగుడుదిగుళ్లు మన కంటపడవు, ఎందుకంటే పాస్‌బుక్‌లో ఏడాదికోసారి ప్రకటించిన వడ్డీ మాత్రమే పడుతుంది. అదే మ్యూచువల్ ఫండ్ అయితే రోజూ ధర చూపిస్తుంది. భయంలో పెద్ద భాగం ఆ రోజువారీ అంకె చూడటం వల్లే వస్తుంది. అలాగని "పీఎఫ్ ఎంత భద్రమో ఇదీ అంతే" అనకండి, అది అబద్ధం. పీఎఫ్‌లో పడిపోతే సర్దే వ్యవస్థ ఒకటుంది, ఫండ్‌లో పడితే మీకే పడుతుంది.

తర్వాత నష్టం గురించి మీరే ముందు ఎత్తండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. శాతాల్లో కాకుండా రూపాయల్లో చెప్పండి. 2008 జనవరిలో సెన్సెక్స్ 20,800 దాటి ముగిసిన రోజు ఒకరు లక్ష రూపాయలు ఒకేసారి అందులో పెట్టారనుకోండి. 2009 మార్చి 9న సూచీ 8,160 దగ్గర ముగిసింది. ఆ లక్ష సుమారు 39 వేలుగా కనిపించింది. పాత శిఖరాన్ని సూచీ 2010 చివర్లో ఒకసారి తాకినా, నిలకడగా దాటడానికి 2013 చివరి దాకా పట్టింది. 2020లో మార్చి 23 ఒక్క రోజే 13 శాతం పడి 25,981కి చేరింది, కానీ ఆ ఏడాది నవంబరుకల్లా జనవరి స్థాయిని దాటేసింది. ఒకసారి దాదాపు ఆరేళ్లు, ఒకసారి పది నెలలు. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి చెబితే "ఎంతలో కోలుకుంటుంది?" అనే ప్రశ్నకు నికరమైన జవాబు లేదని వాళ్లకే అర్థమవుతుంది. అయిదేళ్లలో అవసరమయ్యే డబ్బు అందులో పెట్టకూడదన్న మాట అప్పుడు చెవికెక్కుతుంది.

ఇక బోర్డు మీద ఈ లెక్క రాయండి. నెలకు 3,000 రూపాయల సిప్, అంటే ప్రతి నెలా అదే మొత్తంతో ఫండ్‌లో యూనిట్లు, అంటే వాటాలు, కొనడం. యూనిట్ ధరలు లెక్క తేలిగ్గా ఉండటానికి మనం అనుకున్నవి, ఏ ఫండ్‌వీ కావు, ఆ మాట ముందే చెప్పేయండి.

| నెల | యూనిట్ ధర | వచ్చిన యూనిట్లు |
|---|---|---|
| 1 | 100 | 30 |
| 2 | 75 | 40 |
| 3 | 60 | 50 |
| 4 | 50 | 60 |
| 5 | 75 | 40 |
| 6 | 100 | 30 |

నాలుగో నెల దగ్గర ఆగండి. కట్టింది 12,000. చేతిలో 180 యూనిట్లు, ఒక్కోటి 50 రూపాయలు, అంటే విలువ 9,000. యాప్‌లో ఎర్రగా "-25%" కనిపించే రోజు ఇదే. "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగి పది సెకన్లు ఊరుకోండి. ఎవరో ఒకరు "ఆపేస్తాను" అంటారు. అప్పుడు ఐదో నెల: 220 యూనిట్లు, 75 రూపాయల చొప్పున 16,500. కట్టింది 15,000. ధర మొదటి నెల 100కి ఇంకా చేరనేలేదు, లాభం మాత్రం వచ్చేసింది. ఆరో నెలకు 250 యూనిట్లు, విలువ 25,000, కట్టింది 18,000. చవగ్గా ఉన్నప్పుడు అదే 3,000కి ఎక్కువ యూనిట్లు రావడం తప్ప ఇందులో మాయేమీ లేదు. నాలుగో నెల ఆపేసి అమ్ముకున్నవాడికి మాత్రం 3,000 నష్టం ఖాయమైపోయింది.

చాలామంది వక్తలు ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టించుకుంటారు. ఇది సగం నిజమే. పక్కనే రెండో వరుస రాయండి: 100, 120, 150, 120, 100, 75. యూనిట్లు వరసగా 30, 25, 20, 25, 30, 40. మొత్తం 170, చివరి ధర 75తో విలువ 12,750. కట్టిన 18,000 మీద 5,250 నష్టం. అంటే సిప్ నష్టాన్ని ఆపదు. పతనం మొదట్లో వస్తే అది సాయం చేస్తుంది, డబ్బు తీయాల్సిన వేళ వస్తే చేయదు. అందుకే పిల్లల ఫీజుకో ఇంటి అడ్వాన్సుకో దాస్తున్న డబ్బును, అవసరం రెండు మూడేళ్లలోకి రాగానే విడతలుగా తీసి ఎఫ్‌డీలోకి మార్చుకోవాలి. ఈ రెండో వరుస చూపిస్తే వినేవాళ్లు జంకుతారేమోనని మీకనిపించవచ్చు. నిజానికి భయస్తులు నమ్మేది దీన్ని చూశాకే.

మన ఇళ్లలో "డబ్బు పోవడం" అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. చిట్టీ వేయించినవాడు రాత్రికి రాత్రి ఊరు విడిచిపోవడం, అగ్రిగోల్డ్‌లో కట్టినవాళ్లు ఏళ్ల తరబడి తిరగడం. ఈ భయాన్ని ధర పడుతుందన్న భయంతో కలిపేస్తే సభ చేజారుతుంది. రెండూ విడదీయండి. మ్యూచువల్ ఫండ్ కొన్న షేర్లు వాటిని భద్రపరిచే కస్టోడియన్ సంస్థ దగ్గర ఉంటాయి, ఎవరికెన్ని యూనిట్లో రిజిస్ట్రార్ దగ్గర రాసి ఉంటుంది. ఆ రిజిస్ట్రార్లలో ఒకటైన కేఫిన్ టెక్నాలజీస్ మన హైదరాబాద్‌దే. ఫండ్ కంపెనీ మూతపడినా ఆ షేర్లు కంపెనీ ఆస్తి కావు. యాప్ మూతపడినా యూనిట్లు మీ పాన్ మీదే ఉంటాయి. ధర పడే నష్టం మాత్రం దేనివల్లా పోదు. నెలకు 3 శాతం గ్యారంటీ అంటూ వాట్సాప్‌లో వచ్చేది ఈ రెండు రకాల్లో దేనికి చెందుతుందో వాళ్లనే తేల్చమనండి.

"మాకేం తెలియదు" అనేవాళ్లకు పాఠం చెప్పబోకండి, మూడు ప్రశ్నలు చాలు. ఈ ఫండ్‌లో ఏముంది? ఉదాహరణకు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ అయితే యాభై పెద్ద కంపెనీల షేర్లు, మేనేజరు ఎంపిక చేసేది లేదు. ఏడాదికి ఖర్చెంత? ఒకే ఫండ్‌కు `Direct`, `Regular` అని రెండు రూపాలుంటాయి, రెండోదాంట్లో మధ్యవర్తి కమిషన్ కలిసి ఉంటుంది. ఐదు లక్షల మీద ఒక శాతం తేడా అంటే ఏడాదికి ఐదు వేలు. మీకు చేయి పట్టి నడిపించే మనిషి కావాలంటే ఆ ఐదు వేలు దండగ కాదు, అక్కర్లేకపోతే దండగే. మూడోది, ఈ డబ్బు ఎప్పుడు కావాలి? ఆ జవాబు లేనివాళ్లను ఆ రోజు మొదలుపెట్టనివ్వకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేనివాళ్లను, క్రెడిట్ కార్డు బాకీ నడుస్తున్నవాళ్లను కూడా. కార్డు వడ్డీ ఏడాదికి 36 శాతం పైన పడుతుంటే ఏ ఫండూ ఏటేటా దాన్ని దాటలేదు.

అడ్డం పడేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరంగా ఉంటే ఖాతా తెరిచేటప్పుడు కేవైసీ దగ్గరే ఆగుతుంది. మన పేర్లతో ఇది మామూలే, ముందే సరిచూసుకోమనండి. జీతం ఒకటో తారీఖున పడితే సిప్ ఐదున పెట్టుకోవాలి, ఇరవై ఐదున కాదు. ఖాతాలో డబ్బు లేక ఆటోపే తిరిగొస్తే బ్యాంకు జరిమానా వేయవచ్చు, నెలవారీ సిప్ వరసగా మూడుసార్లు తప్పితే రద్దవుతుంది. `Growth`, `IDCW` అని అడిగిన చోట మొదటిది నొక్కాలి. రెండోది డివిడెండు పేరుతో మన డబ్బునే మనకు తిప్పి పంపుతుంది, దాని మీద పన్ను కూడా పడుతుంది. నామినీ గడి ఖాళీ వదలొద్దు.

మీరు చేయకూడనిది ఒకటుంది: ఫలానా ఫండ్, ఫలానా షేరు అని పేరు చెప్పకండి, మీ పోర్ట్‌ఫోలియో తెర మీద చూపించకండి. ఫీజు తీసుకుని సలహా ఇవ్వాలంటే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఫండ్లు అమ్మి కమిషన్ తీసుకోవాలంటే ఏఆర్ఎన్ నంబరు ఉండాలి. ఉచితంగా చెప్పినా పక్క సీటు ఆయన మీరు చెప్పిందే కొంటారు, పడినప్పుడల్లా మీ డెస్కు దగ్గరికే వస్తారు. "ఏది కొనమంటారు?" అని ఎలాగూ అడుగుతారు. రకం చెప్పండి, ఎంచుకునే పద్ధతి చెప్పండి: ఒకే సూచీని అనుసరించే రెండు మూడు ఫండ్లను పక్కన పెట్టి, ఖర్చు శాతం, సూచీకీ ఫండ్‌కీ వచ్చిన రాబడి తేడా చూసి తక్కువున్నది తీసుకోమనండి.

చివరి రెండు నిమిషాల్లో ఒక పని అప్పజెప్పండి. మొదటి సిప్ 1,000 రూపాయలతో పెట్టి, యూనిట్లు ఖాతాలో కనిపించిన వారానికి అందులోంచి 500 వెనక్కి తీసుకోమనండి. ఇండెక్స్ ఫండ్లలో చాలావాటికి ఎగ్జిట్ లోడ్, అంటే త్వరగా తీస్తే పడే కోత, ఉండదు, ఉన్నా 500 మీద పడేది చిల్లరే. రెండు మూడు పని దినాల్లో బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. డబ్బు లోపలికి వెళ్లడమే కాక బయటికి కూడా వస్తుందని ఆ మెసేజ్ చెప్పినంత బాగా మీ ప్రసంగం చెప్పలేదు. పన్ను ఆదా కోసం ఈఎల్ఎస్ఎస్ రకం ఫండ్లు కొన్నవాళ్లు మాత్రం ఈ ప్రయోగం చేయలేరు, ప్రతి వాయిదా మూడేళ్లు కదలదు. వాళ్లను ముందే పక్కకు పిలిచి ఆ మాట చెప్పండి, లేకపోతే వారం తర్వాత "నా డబ్బు ఇరుక్కుపోయింది" అని మొదట అరిచేది వాళ్లే.