రెండు లెక్కలు మార్చమని: సంకీర్ణ సంఖ్యల అభ్యాస పత్రం రాస్తున్న తమ్ముడికి

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల కోసం సంకీర్ణ సంఖ్యల మీద నువ్వు తయారుచేసిన అభ్యాస పత్రం అందింది. ఇరవై లెక్కలూ పెన్సిల్ పట్టుకుని చేశాను. వెనక పేజీలో నువ్వు ఇచ్చిన జవాబుల్లో ఒక్క తప్పు కూడా లేదు. అయినా రెండు లెక్కలు మార్చమంటున్నాను, ఎందుకంటే వాటిని తప్పుగా చేసిన విద్యార్థికి కూడా సరైన జవాబే వస్తుంది.

మొదటిది i⁻⁷ విలువ కనుక్కోమన్న లెక్క. ఘాతాంకానికి 4 గుణిజాన్ని కలిపినా విలువ మారదు కనుక −7కు 8 కలిపితే 1 వస్తుంది, జవాబు i. ఇది మనం ఆశించే పద్ధతి. అయితే ఘాతాంకం ముందున్న ఋణ గుర్తును కిందికి దించి మొత్తం ముందు పెట్టేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అలాంటి విద్యార్థి i⁻⁷ను −i⁷ అని రాస్తాడు. i⁷ అంటే −i కనుక −(−i) అయి మళ్ళీ i వస్తుంది. మనం టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తాం.

ఇది కాకతాళీయం కాదు. i బేసి ఘాతాల విలువ i గానీ −i గానీ అవుతుంది, వాటిలో దేన్ని తలకిందులు చేసినా గుర్తు మారుతుంది. అంటే ఆ విద్యార్థి తప్పు నియమం బేసి ఘాతాలన్నిటి దగ్గరా నిజమై కూర్చుంటుంది. సరి ఘాతాల విలువ 1 గానీ −1 గానీ కనుక తలకిందులు చేసినా మారదు. అందుకే i⁻⁶ ఇస్తే అతను −i⁶ అని రాసి 1 అంటాడు, సరైన జవాబు −1, అతని తప్పు అక్కడ బయటపడుతుంది. అయితే i⁻⁶ ఒక్కటే ఇచ్చినా చాలదు, ఘాతాంకంలోని ఋణ గుర్తును అసలు చూడకుండా i⁶ కట్టేసే మరో విద్యార్థి అక్కడ −1 తెచ్చుకుని తప్పించుకుంటాడు. అతన్ని పట్టేది మళ్ళీ i⁻⁷, అక్కడ అతనికి −i వస్తుంది. ఈ రెండు లెక్కలూ ఒకదాని పక్కన ఒకటి ఉండాలి. నేను ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒకప్పుడు ఒక కాలేజీకి రాసిచ్చిన పత్రంలో ఋణ ఘాతాలన్నీ బేసివే ఇచ్చి, తరగతి అంతటికీ మార్కులు వచ్చాయని సంబరపడ్డాను; తర్వాతి పరీక్షలో i⁻¹⁰ వచ్చినప్పుడు సగం మంది 1 అని రాశారు.

ధన ఘాతాల్లో నువ్వు ఇచ్చిన i²⁴ కూడా ఇలాంటిదే. చివరి అంకె 4 చూసి 1 అనేసే వాడికి అక్కడ సరిపోతుంది. i³⁴ ఇవ్వు, 34ను 4తో భాగిస్తే శేషం 2, జవాబు −1, చివరి అంకెను నమ్ముకున్నవాడికి మాత్రం 1 వస్తుంది.

రెండోది సంయుగ్మం. ‘మధ్యలో గుర్తు మార్చడమే సంయుగ్మం’ అని పిల్లలు కంఠస్థం చేస్తారు, నువ్వు ఇచ్చిన సంఖ్యలన్నీ వాస్తవ భాగం ముందున్నవే కనుక ఆ మాట ఎక్కడా తప్పదు. 2i − 5 అని తిప్పి రాసి ఇచ్చి చూడు. మధ్య గుర్తు మార్చేవాడు 2i + 5 అంటాడు. మారవలసింది కల్పిత భాగం గుర్తు కనుక సరైన సంయుగ్మం −5 − 2i, అంటే అతను రాసినదానికి సరిగ్గా ఋణం. కానీ దీన్ని భాగహారంలో దాచి అడగవద్దు. 29ని 2i − 5తో భాగించమని ఇస్తే, అతను లవాన్నీ హారాన్నీ 2i + 5తో గుణిస్తాడు, హారం 4i² − 25, అంటే −29 అవుతుంది, చివరికి −5 − 2i అనే సరైన జవాబే తేలుతుంది. లవంలోనూ హారంలోనూ అదే తప్పు పడి కొట్టుకుపోయింది. అందుకని సంయుగ్మాన్ని విడిగా రాయమని, తర్వాత సంఖ్యను దాని సంయుగ్మంతో గుణించమని అడుగు. సంకీర్ణ సంఖ్యను దాని సంయుగ్మంతో గుణిస్తే ఋణ సంఖ్య ఎన్నడూ రాదు. 29 రావలసిన చోట −29 కనిపించిన విద్యార్థి తనే ఆగి వెనక్కి చూసుకుంటాడు. 7 సంయుగ్మం, −3i సంయుగ్మం కూడా చేర్చు, మధ్య అనేదే లేని చోట ఆ కంఠస్థం ఏమవుతుందో తెలుస్తుంది.

గుణకారంలో నువ్వు ఎంచుకున్న (3 + 2i)(1 − 4i) చాలా మంచి లెక్క, దాన్ని కదిలించవద్దు. విస్తరిస్తే 3 − 12i + 2i − 8i², అంటే 3 − 10i + 8, జవాబు 11 − 10i. ఇక్కడ ప్రతి తప్పుకూ వేరే జవాబు వస్తుంది కనుక జవాబును చూసే తప్పు ఎక్కడ జరిగిందో చెప్పవచ్చు. −5 − 10i వచ్చిందంటే i²ను 1గా తీసుకున్నాడు. 11 − 14i వచ్చిందంటే 2i ముందు గుర్తు జారిపోయింది. 3 − 8i వచ్చిందంటే సంకలనంలో లాగే వాస్తవాన్ని వాస్తవంతో, కల్పితాన్ని కల్పితంతో గుణించాడు. దిద్దేవారి కోసం ఈ మూడూ జవాబుల పేజీలో చిన్న అక్షరాలతో వేయించు.

విద్యార్థి తనంతట తాను సరిచూసుకోవడానికి మాపాల వర్గాలు చెప్పావు, సంతోషం. 3 + 2i మాపం వర్గం 13ను 1 − 4i మాపం వర్గం 17తో గుణిస్తే 221, జవాబులో 11, 10ల వర్గాలు 121, 100 కలిపితే 221. పై మూడు తప్పుల్లో ఏదీ ఈ పరీక్షలో నిలవదు. కానీ 11 + 10i అని రాసినవాడికి కూడా 221 వస్తుంది. వర్గం చేసేటప్పుడు గుర్తు కనబడదు కదా. ఆ లోటు తీరాలంటే i² స్థానంలో −1 వేయకముందు, విస్తరించిన వరుసలో i బదులు 1 వేసి చూడమను. ఎడమ పక్క 5ను −3తో గుణిస్తే −15, కుడి పక్క 3 − 10 − 8, అదీ −15. మధ్య పదాన్ని +10iగా రాసుకున్నవాడికి 5 వస్తుంది. విస్తరణలో జారిన గుర్తును ఇది చూపిస్తుంది, i² దగ్గర జరిగిన పొరపాటును మాపం చూపిస్తుంది, కనుక రెండూ చేయించాలి.

సంకలనానికి అయిదు లెక్కలు ఎక్కువ, రెండు చాలు. వ్యవకలనంలో మాత్రం (4 − 3i) − (2 − 5i) లాంటిది ఒకటి ఉండాలి. జవాబు 2 + 2i, బ్రాకెట్ తీసేటప్పుడు రెండో గుర్తు మరిచినవాడికి 2 − 8i వస్తుంది.

ఇక అచ్చు సంగతి. ఘాతాంకంలోని ఋణ గుర్తు డీటీపీలో కిందికి జారితే i⁻⁷ కాస్తా i − 7 అవుతుంది. z మీద గీత జిరాక్స్ మీద జిరాక్స్ తీసేసరికి మాయమవుతుంది, కాబట్టి ‘z యొక్క సంయుగ్మం’ అని మాటల్లోనే వేయించు. మార్పులు చేసిన ప్రూఫ్ తీసుకుని ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రా. ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ అన్నయ్య