బ్యాటరీ మీద ‘100సి’ అని ఉంటే అది హామీయేనా?

*ఆన్‌లైన్‌లో నా డ్రోన్‌కు 1500 ఎంఏహెచ్, నాలుగు సెల్‌ల లైపో బ్యాటరీ కొన్నాను. దాని మీద ‘100సి’ అని ఉంది. కాస్త గట్టిగా ఎగరేస్తే వోల్టేజీ పడిపోతోంది, ప్యాకు ముట్టుకోలేనంత వేడెక్కుతోంది. అమ్మినవాళ్లు నేనే తప్పుగా వాడానంటున్నారు. కేసు వేయవచ్చా?*

వేయవచ్చు. అయితే ముందు ఆ అంకె మీద మీరే ఒక చిన్న లెక్క వేసుకోండి.

సామర్థ్యాన్ని ‘సి’తో గుణిస్తే ప్యాకు ఎడతెగకుండా ఇవ్వగల కరెంటు రావాలి. 1500 ఎంఏహెచ్ అంటే 1.5 ఆంపియర్-గంటలు; 1.5ను 100తో గుణిస్తే 150 ఆంపియర్లు. ఆ లెక్కన ప్యాకు 36 సెకన్లలో ఖాళీ అవుతుంది. ప్యాకుకు ఎక్స్‌టీ60 కనెక్టరు ఉంటే, దాని పరిమితి 60 ఆంపియర్లే.

ఇప్పుడు ప్యాకును పూర్తిగా చార్జ్ చేసి, గది ఉష్ణోగ్రతకు వచ్చాక చార్జరులో ఒక్కో సెల్ అంతర్గత నిరోధం చూడండి. చల్లగా ఉంటే అంకె పెరుగుతుంది, అందుకే ప్రతిసారీ ఒకే వేడిమిలో కొలవాలి. ఉదాహరణకు 5 మిల్లీఓమ్‌లు వచ్చిందనుకుందాం. 150 ఆంపియర్ల దగ్గర ఒక్కో సెల్‌లో 0.75 వోల్టు పడిపోతుంది. నాలుగు సెల్‌లూ కలిసి సుమారు 450 వాట్ల వేడి పుట్టిస్తాయి. అరచేతిలో ఇమిడే ప్యాకులో దాదాపు సగం ఇస్త్రీపెట్టె వేడి! అభిరుచిగా ఎగరేసేవాళ్లు వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది:

```
A = 2.5 × √(mAh ÷ mΩ)
```

ఇందులో mAh ప్యాకు సామర్థ్యం, mΩ ఒక్కో సెల్ నిరోధం. దీని ప్రకారం మీ ప్యాకు తట్టుకునేది సుమారు 43 ఆంపియర్లు, అంటే 29సి. ఇది ఉజ్జాయింపే. చార్జర్ల కొలతల్లో తేడాలుంటాయి కాబట్టి 29కీ 35కీ మధ్య వాదించలేం. కానీ 29కీ 100కీ మధ్య ఉన్న అంతరం కొలతలో పొరపాటు కాదు. ఎంత ఉష్ణోగ్రతలో, ఎంత వోల్టేజీ వరకు, ఎంతసేపు పరీక్షించాలో తయారీదారులందరూ పాటించే ఒకే పద్ధతి లేకపోవడం వల్లే ఇలాంటి అంకెలు పుడుతున్నాయి.

మీ బలం ఇక్కడే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం, తగిన పరీక్ష లేకుండా వస్తువు పనితీరుకు హామీ ఇవ్వడం అనుచిత వాణిజ్య పద్ధతి. పరీక్షించే ఇచ్చామని అవతలివాళ్లు అంటే దాన్ని రుజువు చేయాల్సింది వాళ్లే. ‘100సి’ హామీ కాదు, ఊరికే వర్ణన అని వాళ్లు వాదించవచ్చు. అందుకే ఉత్పత్తి పేజీలో ‘నిరంతరం’ అని రాసి ఉంటే ఆ పేజీని ఇప్పుడే భద్రపరచండి. బిల్లు, లేబులు ఫొటో, చార్జరు తెర ఫొటో కూడా ఉంచండి.

తర్వాత పరీక్షా నివేదిక ఇవ్వమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. నేనైతే ఇందులో ఒక్క ప్రశ్నే అడుగుతాను: 150 ఆంపియర్లు ఎన్ని సెకన్లు, చివరికి ప్యాకు ఉష్ణోగ్రత ఎంత?

జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, వివాద కారణం పుట్టిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. అవసరమైతే సెక్షన్ 38 కింద కమిషన్ నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. ఆ రుసుము ముందుగా మీరు కట్టాల్సి రావచ్చు. కాబట్టి ప్యాకును పారేయకండి. ఉబ్బితే మాత్రం ఇక చార్జ్ చేయకుండా, మండే వస్తువులకు దూరంగా ఇంటి బయట ఉంచి ఫొటోలు తీయండి.