టెక్ సందేహాలు: ఏటవాలు రాడ్డుకు, నేలకు మధ్య కోణం ఎంత?

ప్రశ్న: మా డాబా మీద 2 మీటర్ల స్తంభం పైకొన నుంచి ఒక ఇనుప రాడ్డును ఏటవాలుగా నేలకు దించాము. రాడ్డు అడుగు స్తంభానికి ఒక గోడ వెంబడి 90 సెంటీమీటర్లు, రెండో గోడ వెంబడి 120 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఎదుటి నుంచి ఫోటో తీసి ఫోన్‌లో కొలిస్తే 66 డిగ్రీలు, పక్క నుంచి తీస్తే 59 డిగ్రీలు వచ్చింది. మా మేనల్లుడు ఎక్సెల్‌లో వేస్తే 0.927 అని చూపిస్తోంది. మూడింటిలో ఏది సరైనది?
(ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా)

జవాబు: మీ మేనల్లుడి లెక్కే సరైనది. కాకపోతే ఎక్సెల్ ఆ జవాబును రేడియన్లలో ఇచ్చింది. డిగ్రీలలోకి మారిస్తే అది సుమారు 53.1 అవుతుంది. రెండు ఫోటోలూ అంతకంటే ఎక్కువ చూపడానికి కారణం మీ ఫోన్ లోపం కాదు, ఫోటో స్వభావమే.

రాడ్డుకు, నేలకు మధ్య కోణం అన్నప్పుడు నేల మీద ఏ గీతతో కొలవాలన్నది ముందుగా తేలాలి. రాడ్డు పైకొన నుంచి దారానికి బరువు కట్టి వదిలితే అది నేలను తాకే చోటును రాడ్డు అడుగుతో కలిపే గీత ఒకటి ఉంటుంది. దానినే గణితంలో రాడ్డు విక్షేపం అంటారు. రాడ్డు ఆ గీతతో చేసే కోణమే నేలతో చేసే కోణం. మీ స్తంభం నిటారుగా ఉన్నట్లయితే బరువు సరిగ్గా స్తంభం మొదట్లోనే ఆగుతుంది కనుక, రాడ్డు అడుగు నుంచి స్తంభం మొదలు వరకు నేల మీద టేపును ఐమూలగా పట్టుకుంటే చాలు. 0.9 వర్గానికి 1.2 వర్గం కలిపితే 2.25, దాని వర్గమూలం 1.5. టేపు కూడా 150 సెంటీమీటర్లే చూపాలి. అలా చూపకపోతే ఆ రెండు గోడలు లంబకోణంలో లేవని అర్థం, అప్పుడు టేపు చెప్పినదే తీసుకోండి.

ఇక ఎత్తు 2, విక్షేపం 1.5 గల నిటారు త్రిభుజం మిగులుతుంది. టాంజెంట్ 2/1.5. ఎదుటి ఫోటోలో జరిగినదేమిటంటే, కెమెరా చూసే దిక్కున ఉన్న 120 సెంటీమీటర్ల లోతు చిత్రంలో కనిపించకుండా పోయి, అడ్డంగా 90 మాత్రమే మిగిలింది. అందువల్ల టాంజెంట్ 2/0.9 అయి, 65.8 డిగ్రీలు కనిపించింది. పక్క ఫోటోలో 90 పోయి 120 మిగిలింది కనుక 59 వచ్చింది. కెమెరాను వంచకుండా, తగినంత దూరం నుంచి తీసిన ఫోటోలో లోతు పోయినప్పుడల్లా కోణం పెరుగుతుందే గాని తగ్గదు. రాడ్డు, స్తంభం రెండూ ఉన్న నిటారు తలానికి ఎదురుగా నిలబడి తీస్తేనే అసలు కోణం కనిపిస్తుంది. నీడను కొలిచి లెక్కించుదామని కొందరు అనుకుంటారు గాని, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన లేకపోతే నీడ, విక్షేపం ఒకటి కావు. మీ రాయగడలో సూర్యుడు అలా నడినెత్తికి వచ్చేది ఏటా రెండు సార్లే, మే నెల నడుమ ఒకసారి, జూలై చివర ఒకసారి.

ఎక్సెల్‌లో ఇలా వేయండి:

```
=DEGREES(ATAN2(SQRT(0.9^2+1.2^2), 2))
```

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎక్సెల్‌లో ATAN2 లోపల నేల దూరం ముందు, ఎత్తు తరువాత రాయాలి. పైథాన్‌లో వరుస తలకిందులు, అంటే `math.atan2(2, 1.5)`. ఈ రెండింటినీ తారుమారు చేస్తే 36.9 వస్తుంది. అది రాడ్డుకు స్తంభంతో ఉన్న కోణం. 53.1కి దానిని కలిపితే 90 వస్తుంది కనుక, పొరపాటు జరిగితే సులభంగా పట్టుకోవచ్చు. మరొక పరీక్ష కోసం రాడ్డు పొడవును కొలవండి. అది 2.5 మీటర్లు ఉండాలి, సైన్ 2/2.5 నుంచి కూడా అదే 53.1 రావాలి.

లెక్క లేకుండా ఫోన్‌తో నేరుగా కొలవాలంటే ఫోటో వద్దు. ఫోన్ పొడవు అంచును రాడ్డుకు ఆనించి లెవెల్ యాప్ చూడండి. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ గురుత్వాకర్షణ దిక్కును బట్టి వంపును తెలుసుకుంటుంది కనుక, మీరు ఏ వైపు నిలబడినా ఫలితం మారదు. అయితే గుండ్రటి రాడ్డు మీద ఫోన్‌ను వెల్లకిలా పెట్టినప్పుడు అది ఒక పక్కకు ఒరిగితే, అంచు వంపును కాక ఫలకం వంపును చూపే యాప్‌లో అంకె ఎక్కువగా వస్తుంది. అందుచేత ఫోన్‌ను నిటారుగా, అంచు మీదే నిలబెట్టి పట్టుకోండి.

ఇలా వచ్చేది క్షితిజ సమాంతరంతో ఉన్న కోణం. నీళ్లు పోవడానికి మీ డాబాకు వాలు ఇచ్చి ఉంటే నేలతో కోణం కొంచెం మారుతుంది. 100 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు వాలు అంటే దాదాపు 0.6 డిగ్రీ. రాడ్డు అడుగు నుంచి స్తంభం వైపు అదే ఐమూల గీత మీద ఫోన్ పెట్టి చూడండి. నేల స్తంభం వైపు ఎత్తుగా ఉంటే ఆ అంకెను రాడ్డు మీద ఫోన్ చూపిన కోణం నుంచి తీసివేయండి, పల్లంగా ఉంటే కలపండి.