ఉప్పు మీద అరుపు, తర్వాత అనుమానం: ఏది డిస్‌ప్లేస్‌మెంట్, ఏది ప్రొజెక్షన్?

ప్రశ్న: "మా ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు తగ్గిందని నామీదా పిల్లాడి మీదా అరుస్తారు. కాసేపటికి 'నన్ను చూస్తేనే నీకు చిరాకు' అని నన్నే అంటారు. ఇది ప్రొజెక్షనా, డిస్‌ప్లేస్‌మెంటా?"

జవాబు:

మీరు రాసినదాన్ని బట్టి రెండూ ఉన్నట్టున్నాయి, ఒకదాని వెనక ఒకటి.

ఉప్పు దగ్గర అరుపు డిస్‌ప్లేస్‌మెంట్, అంటే ఒకరి మీది కోపాన్ని ఇంకొకరి మీద చూపడం. విరగని గుండు పప్పు తగ్గి, విడిపోయిన బద్ద ఎక్కువ వచ్చిందని యజమాని పదిమందిలో కేకలేశాడనుకోండి. ఎదురు చెబితే ఉద్యోగానికే ముప్పు. ఆ కోపం తిరిగి మాట్లాడలేని వాళ్ల మీదకు మళ్లుతుంది. తనకు కోపం వచ్చిందని ఆయనకు తెలుసు, అది ఎవరి మీద పుట్టిందో మాత్రం ఆ క్షణంలో తట్టదు. అరుపు ఉప్పుకు తగ్గట్టు ఉండదు, గుర్తు పట్టడానికి అదే ఆనవాలు.

'నీకే చిరాకు' అనడం ప్రొజెక్షన్, అంటే తనలో ఉన్నది ఎదుటివాళ్లలో ఉందనుకోవడం. పెళ్లాం పిల్లల మీద విసుక్కునే మనిషినని ఒప్పుకోవడం ఆయనకు కష్టం. అందుకే ఆ విసుగు ఆయనకు మీ ముఖంలో కనిపిస్తుంది. కావాలని ఆడే అబద్ధం కాదు, నిజంగానే అలా అనిపిస్తుంది. మనసు తనను తాను కాపాడుకోవడానికి వేసే ఇలాంటి ఎత్తుగడలను రక్షక తంత్రాలంటారు. మానసిక వైద్యుడు జార్జ్ వైలంట్ వాటిని పరిణతిని బట్టి మెట్లుగా పేర్చినప్పుడు ప్రొజెక్షన్‌ను డిస్‌ప్లేస్‌మెంట్ కన్నా కింది మెట్టులో పెట్టింది ఇందుకే అనుకుంటాను: ఎదుటి మనిషి మనసులో ఏముందో అన్నదే తారుమారవుతుంది. అయితే మీరు నిజంగా విసుగ్గా ఉన్న రోజు ఆయన ఆ మాటంటే అది ప్రొజెక్షన్ కాదు, సరిగ్గా చూశారంతే. ముందు అది తేల్చుకోండి.

రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు అరిచారు, ఆ రోజు ఫ్యాక్టరీలో ఏం జరిగింది, నోటివెంట వచ్చిన మాటలేంటి. సెలవు రోజుల్లో అరుపులు తగ్గి, లోడు వెళ్లే రోజుల్లో పెరిగితే మూలం పనిలో ఉన్నట్టే.

అరుపు వచ్చినప్పుడు ఉప్పు గురించి వాదించకండి. పిల్లాణ్ని పక్కగదికి పంపండి. భోజనమయ్యాక, గొంతు దిగాక, "ఈరోజు బద్ద ఎక్కువొచ్చిందా?" అని పని గురించే అడగండి. కోపం పుట్టినచోటు పేరు ఆయన నోట వస్తే సగం పని అయినట్టే. ప్రొజెక్షన్‌కు ఇది సరిపోదు. "నాకు చిరాకు లేదు, ఏం చూసి అలా అనిపించింది?" అని ఒక్కసారి చెప్పి ఆగండి. పదేపదే రుజువులు చూపిస్తే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. "నువ్వు ప్రొజెక్ట్ చేస్తున్నావ్" అని ముఖం మీద అనడం అన్నిటికంటే చెడగొడుతుంది. అది ఆయనకు ఇంకో యజమాని కేకలాగే వినిపిస్తుంది.

చెయ్యి చేసుకుంటే మాత్రం దీన్ని రక్షక తంత్రమని సర్దుకోకండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. ఏ ఆధారమూ లేని అనుమానం వారాల తరబడి కదలకపోయినా, తాగుడు తోడైనా, సైకియాట్రిస్టుకు చూపించాలి. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీమానస్‌తో తెలుగులోనే మాట్లాడవచ్చు, ఆయన రాకపోయినా మీరొక్కరే చెయ్యవచ్చు.