సెలూన్ మేడమ్ ఇచ్చే లెటర్‌లో ఏం రాయించుకోవాలి?

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక సెలూన్‌లో ఆరేళ్లుగా హెయిర్ స్టైలిస్ట్‌గా చేస్తున్నాను. మధురవాడలో సొంత స్టూడియో పెట్టుకుందామని నాలుగు లక్షల ముద్ర లోన్‌కి వెళ్తే, బ్యాంకులో అనుభవం ఉన్నట్టు కాగితం తెమ్మన్నారు. మా మేడమ్ రికమెండేషన్ లెటర్ ఇస్తానన్నారు కానీ, ‘నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను’ అంటున్నారు. అందులో ఏం రాయాలి?

జవాబు: ముందు ఆ లెటర్ చదివేది ఎవరో చూడండమ్మా. మీరు ఇంకో సెలూన్‌లో ఉద్యోగానికి వెళ్తుంటే కటింగ్, కలరింగ్, స్మూతనింగ్ బాగా చేస్తుందని రాస్తే సరిపోయేది. ఇక్కడ చదివేది బ్యాంకు మేనేజరు. మీరు అడిగిన నాలుగు లక్షలు ముద్రలో కిశోర్ కిందికి వస్తాయి. అంటే 50 వేలు దాటి 5 లక్షల లోపు. దీనికి తనఖా ఏమీ ఉండదు. కాబట్టి ఆయన చూసేది ఈ అమ్మాయి షాపు నడపగలదా, వాయిదా కట్టగలదా అనే. ‘కష్టపడే మనిషి, నిజాయితీపరురాలు’ అని పేజీ నిండా రాయించుకున్నా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఈ ఆరేళ్లలో కుర్చీ దగ్గర పని కాకుండా మీరు ఇంకేం చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. మేడమ్ ఊళ్లో లేనప్పుడు షట్టర్ ఎత్తింది ఎవరు? రాత్రి క్యాష్, ఫోన్‌పే లెక్క సరిచూసి అప్పజెప్పింది ఎవరు? కలర్ ట్యూబులు, డెవలపర్ అయిపోకముందే డీలర్‌కి ఆర్డరు పెట్టింది ఎవరు? కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పింది ఎవరు? వీటిలో మీరు నిజంగా చేసినవే లెటర్‌లోకి రావాలి. మధ్యలో ఉండాల్సిన పేరా దాదాపు ఇలా ఉంటుంది:

‘ఈమె మా సెలూన్‌లో జూనియర్‌గా చేరి, గత మూడేళ్లుగా సీనియర్ స్టైలిస్ట్‌గా పనిచేస్తున్నారు. నేను లేని రోజుల్లో సెలూన్ తెరవడం, రోజువారీ వసూళ్ల లెక్క అప్పజెప్పడం, కలర్, కెరాటిన్ సరుకుకు ఆర్డరు పెట్టడం ఈమే చూసుకున్నారు. ఇద్దరు జూనియర్లకు పని నేర్పారు. హెన్నా పెట్టుకున్న జుట్టుకు బ్లీచ్ చేయాల్సి వస్తే, ముందు ఒక పాయ మీద పరీక్ష చేయకుండా పని మొదలుపెట్టరు.’

ఆ చివరి వాక్యం మేనేజరుకు ఎందుకని మీకు అనిపించవచ్చు. ప్యాకెట్ హెన్నాలు కొన్నింటిలో లోహ లవణాలు కలుస్తాయి. వాటి మీద బ్లీచ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చని మీకు నేను చెప్పక్కర్లేదు. మేనేజరుకు ఆ రసాయనాల సంగతి తెలియకపోయినా, ఈ లెటర్ మిమ్మల్ని దగ్గరగా చూసిన యజమానే ఇచ్చారని మాత్రం తెలిసిపోతుంది. అలాంటి వాక్యం ఒకటి చాలు, రెండోది వద్దు.

మిగతావన్నీ మామూలు విషయాలే. సెలూన్ లెటర్‌హెడ్ మీద తేదీ, మీరు చేరిన నెల, మానేస్తున్న నెల, సొంత స్టూడియో పెట్టుకోవడానికి మేడమ్ సమ్మతితోనే వెళ్తున్నారన్న మాట, కింద మేడమ్ పేరు, ఫోన్ నంబరు, సంతకం, స్టాంపు. ఒక పేజీ దాటనివ్వకండి. జీతం సంగతి ఇందులో వద్దు. అది వేరే సర్టిఫికెట్‌గా తీసుకోండి. జీతం చేతికే ఇస్తుంటే అందులో ఆ మాటే రాయించండి. లేకపోతే మీ పాస్‌బుక్‌లో కనిపించని జీతం సర్టిఫికెట్‌లో ఎలా వచ్చిందని అడుగుతారు.

ఇప్పుడు అసలు చిక్కు. మేడమ్‌కి లోపల ఉండే భయం ఒక్కటే, కస్టమర్లు మీ వెంట వెళ్లిపోతారేమోనని. లెటర్ అడిగేముందే ఆ సంగతి మీరే ఎత్తండి. సెలూన్ కంప్యూటర్‌లో ఉన్న కస్టమర్ల నంబర్లు, అపాయింట్‌మెంట్ పుస్తకం ఫొటోలు తీసుకెళ్లనని చెప్పండి, చెప్పినట్టే ఉండండి. తర్వాత గొడవలు అయ్యేది అక్కడే. ఇప్పటికే బుక్ అయిన పెళ్లిళ్ల మేకప్పులు మానేసేలోపు పూర్తి చేస్తారో, ఎవరికైనా అప్పజెప్తారో కూడా తేల్చుకోండి. మధురవాడ ద్వారకానగర్‌కి పక్క వీధి కాదు కాబట్టి ఈ మాట మీకు సులువుగానే సాగుతుంది.

ఒకవేళ ‘ఫలానా దూరంలో ఇన్నేళ్లు సెలూన్ పెట్టను’ అన్న కాగితం మీద మీ సంతకం అడిగితే తొందరపడి పెట్టకండి. ఉద్యోగం మానేశాక అదే వృత్తి చేయకూడదనే షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 కింద మామూలుగా చెల్లదు. కానీ చెల్లని కాగితమైనా తర్వాత తగువుకు పనికొస్తుంది. కస్టమర్ల వివరాలు వాడుకోననే హామీ అడిగితే అది న్యాయమే, రాసివ్వండి.

లెటర్ ఒక్కదానితో లోన్ రాదు. సిబిల్ స్కోరు, కుర్చీలు, షాంపూ స్టేషన్‌కు తెచ్చిన కొటేషన్లు, అద్దె ఒప్పందం, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చూస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. బ్యాంకులో కాగితాలు ఇచ్చిన రోజే మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పండి. అక్కడినుంచి ఫోన్ వస్తే మీరు రాసుకొచ్చిన లెటర్‌లో ఏముందో ఆవిడకి గుర్తుండాలి కదా. ఒక కాపీ ఆవిడ దగ్గరే ఉంచండి.