రెండు వేల డాలర్లు పంపితే తమ్ముడి మీద అనుమానం వచ్చింది

ప్రశ్న: ఇంటికి డబ్బు పంపాలంటే బ్యాంక్ వైర్, ఆన్‌లైన్ యాప్, క్యాష్ ఏజెంట్ – వీటిలో ఏది చవక? "ఫీజు లేదు" అన్నచోట నిజంగానే ఏమీ పోదా?

మా నాన్న మా తమ్ముణ్ణి అనుమానించింది ఒక బ్యాంక్ వైర్ వల్లే. అందుకే ఈ ప్రశ్న కనబడగానే ఊరుకోలేకపోయాను.

ఇంట్లో ఒక అప్పు తీర్చాల్సి ఉండి రెండు వేల డాలర్లు వైర్ చేశాను. పంపేముందు నెట్‌లో రేటు చూసి, నాన్నకి ఫోన్ చేసి "లక్షా అరవై వేలు వస్తాయి" అని గొప్పగా చెప్పేశాను. (లెక్క తేలిగ్గా ఉండటానికి డాలరు 80 అనుకుందాం. మిగతా అంకెలన్నీ ఆ ప్రకారమే సర్ది చెబుతున్నాను.) అకౌంటు తమ్ముడిది. నాలుగో రోజు వాడు డబ్బు తీసి నాన్న చేతిలో పెట్టాడు. లెక్కపెడితే 1,56,024. "మిగతాది ఏదిరా?" అన్నాడు నాన్న. "వచ్చిందే అంత నాన్నా" అన్నాడు వాడు. ఆ రాత్రి నాన్న నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఒరేయ్, నువ్వు అసలు పంపిందెంత? వాడికి చెప్పనులే" అన్నాడు. ఆ మాట తమ్ముడి చెవిన పడనే పడింది. పది రోజులు నాతో మాట్లాడలేదు. న్యాయమే, ఆ అంకె చెప్పిన పాపం నాది.

మర్నాడు మా బ్యాంకుని వేధించి, తమ్ముడి బ్యాంకుకి అందిన వైర్ తాలూకు కాపీ తెప్పించుకున్నాను. అప్పట్లో దాన్ని MT103 అనేవారు, అడిగితే ఇచ్చేవారు. అందులో 33B అన్నచోట నేను పంపమన్న 2,000 డాలర్లు ఉన్నాయి. 32A అన్నచోట, అంటే బ్యాంకుల మధ్య నిజంగా చేతులు మారిన మొత్తం దగ్గర, 1,980 ఉంది. ఆ ఇరవై డాలర్లూ మధ్యలో ఉన్న కరెస్పాండెంట్ బ్యాంకు కోసుకుంది. నా బ్యాంకుకీ తమ్ముడి బ్యాంకుకీ నేరుగా ఖాతాలు లేవు కాబట్టి డబ్బు దాని గుండా పోవాల్సి వచ్చింది. 71A దగ్గర SHA అని ఉంది. ఖర్చు పంపేవాడూ అందుకునేవాడూ పంచుకుంటారని దానర్థం. OUR అని పెట్టించి ఉంటే ఆ కోత నా నెత్తిన పడేది, అక్కడ తగ్గేది కాదు. ఫారం నింపేటప్పుడు ఆ గడి గురించి కౌంటర్లో ఎవరూ నోరు విప్పలేదు.

ఇంతా చేస్తే ఇరవై డాలర్లంటే పదహారు వందలే. అసలు చిల్లు వేరేచోట ఉంది. డాలర్లు డాలర్లుగానే వెళ్లాయి కనుక వాటిని రూపాయలు చేసింది తమ్ముడి బ్యాంకు. 80 కాదు, 78.80 చొప్పున లెక్కగట్టింది. నెట్‌లో మనకి కనబడేది బ్యాంకులు తమలో తాము కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య రేటు. ఆ రేటు మనలాంటివాళ్లకి దాదాపు ఎవరూ ఇవ్వరు. ఎంత తగ్గించి ఇస్తే అంత వాళ్ల లాభం, దానికి చాలా రసీదుల్లో ప్రత్యేకంగా ఒక వరస ఉండదు. నా విషయంలో ఆ తేడా 2,376 రూపాయలు. దీనికి నా బ్యాంకు మొదట్లోనే తీసుకున్న 30 డాలర్ల ఫీజు కలిపితే మొత్తం 6,376 ఆవిరి.

రెండోసారి తెలివిమీరాను అనుకుని మా బ్యాంకులోనే అడిగాను. "నేరుగా రూపాయల్లో పంపండి సార్, వైర్ ఫీజు ఉండదు" అన్నారు. సంతోషించి ఒప్పుకోబోయి రేటు అడిగితే 76.80! రెండు వేలకి 1,53,600 వస్తాయి, అంటే 6,400 పోతుంది. ఫీజు వదులుకుని, మొదటిసారి పోయినదాని కన్నా మొత్తమ్మీద ఇరవై నాలుగు రూపాయలు ఎక్కువే రేటులో రాబట్టుకుంటున్నారన్నమాట. ఫీజు సున్నా అని పెద్దక్షరాల్లో రాసిన చోట నేను మొదట రేటే చూడటం అప్పటినుంచే.

కాబట్టి నేను చూసేది ఒక్కటే అంకె. అక్కడ చేతికి వచ్చే మొత్తాన్ని, నా జేబులోంచి పోయిన మొత్తంతో, ఫీజుతో సహా, భాగిస్తాను. వైర్‌కి 1,56,024 ని 2,030 తో భాగిస్తే 76.86 వచ్చింది. అదే రోజు అడిగిన ఏజెంటు ఫీజు లేకుండా 77.60 అన్నాడు. యాప్ నాలుగు డాలర్ల ఫీజు వేసి 79.60 ఇచ్చింది. రెండు వేల నాలుగుతో భాగిస్తే 79.44. అన్నీ ఒకే అయిదు నిమిషాల్లో చూడాలి. పొద్దున్న ఒకటీ సాయంత్రం ఒకటీ చూసి పోల్చడం దండగ, రేటు కదులుతూనే ఉంటుంది.

ఏజెంటు బ్యాంకుని ఓడించాడని గమనించారా? అందరూ వాళ్లని తిడతారు గానీ చిన్న మొత్తాలకి వాళ్లు మరీ అంత చెడ్డ కాదు. రెండు వందల డాలర్లు పంపాలనుకోండి. వైర్‌లో ఫీజూ మధ్యలో కోతా కలిపి యాభై పోతాయి, పావు వంతు! ఏజెంటు దగ్గర మూడు శాతం తేడా అంటే ఆరు డాలర్లు. యాప్‌లో ఫీజూ రేటు తేడా కలిపి అయిదు. మరీ అంత తేడా లేదు. ఊళ్లో బ్యాంకు దూరమై, ముసలాళ్లకి ఆ రోజే నోట్లు చేతిలో పడాలంటే ఆ ఒక్క డాలరూ ఇవ్వొచ్చు. కాకపోతే అందుకునేవాళ్ల పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. మా పెద్దమ్మ ఇంటిపేరు ముందు రాయాల్సింది నేను వెనక రాసినందుకు ఆవిడ రెండుసార్లు తిరిగింది.

యాప్‌ల మీద నాకు ప్రేమేమీ లేదు. మొదటిసారి పంపినప్పుడు ఇచ్చిన ఊరించే రేటు రెండోసారికి మాయమవుతుంది. నేను మూడు నెలలు చూసుకోకుండా పంపుతూ పోయాను. శనివారాలు మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి కొందరు తేడా ఇంకాస్త పెంచుతారు. క్రెడిట్ కార్డుతో కడితే కొన్ని కార్డులు దాన్ని నగదు అప్పుగా లెక్కేసి ఆ రోజునుంచే వడ్డీ వేస్తాయి. ఒకే యాప్‌లో ఖాతాకి ఒక రేటు, నగదుగా తీసుకుంటే ఇంకో రేటు ఉండటం కూడా చూశాను.

వైర్ పనికొచ్చేది ఇల్లో పొలమో కొనేంత పెద్ద మొత్తానికి, యాప్ పరిమితి దాటినప్పుడు. యాభై వేల డాలర్ల మీద యాభై డాలర్ల ఫీజు లెక్కలోకే రాదు. కానీ ఒకటిన్నర శాతం రేటు తేడా అంటే 750 డాలర్లు. కాబట్టి పంపకముందే అక్కడి బ్యాంకుకి వెళ్లి, బోర్డు మీద రేటు కాకుండా మీ మొత్తానికి ప్రత్యేక రేటు అడగండి. అడిగితే తేడా తగ్గిస్తారు, అడగకపోతే బోర్డు రేటే. ఈ బేరానికి మేం పంపింది తమ్ముణ్ణే. మేనేజరు దగ్గర కూచుని డాలరుకి నలభై పైసలు లాక్కొచ్చాడు.

ఇప్పుడు పంపేముందు "అందే మొత్తం" అని చూపించే తెరని ఫోటో తీసి నాన్నకీ తమ్ముడికీ ఇద్దరికీ పెడతాను. నాన్న ఇప్పటికీ పైసలతో సహా సరిచూస్తాడు.